‘ఈ కోర్సే ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు రాయడం: బ్రిటన్‌లో అర్థశాస్త్రం డిగ్రీ దరఖాస్తు ఉదాహరణగా

బ్రిటన్‌లో డిగ్రీ చదవాలనుకునే విద్యార్థి దరఖాస్తు యూకాస్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా వెళుతుంది. 2026 ప్రవేశాల నుంచి అందులోని పర్సనల్ స్టేట్‌మెంట్ ఒకే పొడవాటి వ్యాసంగా కాకుండా మూడు ప్రశ్నలకు జవాబులుగా మారింది. ఈ కోర్సును లేదా ఈ సబ్జెక్టును ఎందుకు చదవాలనుకుంటున్నారన్నది మొదటి ప్రశ్న. ఇప్పటివరకు చదివిన చదువు మిమ్మల్ని అందుకు ఎలా సిద్ధం చేసిందన్నది రెండోది, తరగతి గది బయట మీరు చేసిన ప్రయత్నాలేమిటి, అవి ఎందుకు పనికొస్తాయన్నది మూడోది. మూడింటికీ కలిపి ఖాళీలతో సహా 4000 ఇంగ్లీషు అక్షరాలకు మించకూడదు, ఒక్కొక్క జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి.

ఈ మూడింటిలో పిల్లలు అన్నిటికన్నా తేలికనుకుని, అన్నిటికన్నా పేలవంగా రాసేది మొదటిదే. పిల్లల ముసాయిదాలు చదివి దిద్దే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ‘చిన్నప్పటి నుంచి నాకు అర్థశాస్త్రమంటే ఎంతో ఆసక్తి’ అని మొదలై, ‘ప్రపంచస్థాయి అధ్యాపకుల వద్ద చదువుకోవడం నా కల’ అని ముగిసే జవాబులు ఎన్ని చదివానో లెక్కలేదు. ఆ పిల్లల్లో ఆసక్తి లేదని కాదు. కోర్సులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడకుండానే రాయడానికి కూర్చోవడం వల్ల వాళ్ల దగ్గర చెప్పడానికి సరుకు ఉండదు. కోర్సులోని విడివిడి పాఠ్యాంశాలైన మాడ్యూళ్లనూ, అధ్యాపకుల బలాన్నీ, తమ లక్ష్యాన్నీ పోల్చి చూసుకున్న తరువాతే ఈ జవాబు పుడుతుంది. ఆ పోలిక ఎలా చేయాలో, చేశాక అందులో ఎంత భాగాన్ని కాగితం మీద పెట్టాలో ఒక విద్యార్థిని ఉదాహరణతో చెబుతాను. గుంటూరు జిల్లాలో మిర్చి పండించే కుటుంబం నుంచి వచ్చి, సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో గణితమూ అర్థశాస్త్రమూ చదువుతున్న అమ్మాయి అనుకుందాం.

మొదటి మెట్టు: ఏ ఫారానికి రాస్తున్నారో తేల్చుకోండి

యూకాస్‌లో గరిష్ఠంగా ఐదు కోర్సులకు దరఖాస్తు చేయవచ్చు. ఆ ఐదింటికీ వెళ్లేది మాత్రం ఒకే స్టేట్‌మెంట్. అందువల్ల ‘నాటింగ్‌హామ్‌లోని ఫలానా మాడ్యూల్ కోసమే వస్తున్నాను’ అని మీరు రాస్తే, అదే వాక్యాన్ని మిగిలిన నాలుగు విశ్వవిద్యాలయాల వాళ్లూ చదువుతారు. తాము ఈ విద్యార్థికి రెండో ఎంపిక అన్న సంగతి వాళ్లకు మీరే రాసిచ్చినట్టవుతుంది. పోలిక అంతా ఐదు కోర్సుల మధ్య జరగాలి, జవాబులో మాత్రం ఏ విశ్వవిద్యాలయం పేరూ ఉండకూడదు. అంత శ్రమపడి పోల్చినదాన్ని పేర్లు తీసేసి రాయమంటే మొదట వింతగా అనిపిస్తుంది. ఐదు కోర్సులకూ ఉమ్మడిగా ఉన్న వెన్నెముక ఏమిటో పోల్చి చూసినవాళ్లకే తెలుస్తుంది కనుక ఆ శ్రమ వృథా కాదు.

ఎంపికలో ఒక చిక్కు ఉంటే ఈ దశలోనే బయటపడుతుంది. ఐదింటిలో నాలుగు అర్థశాస్త్రమూ, ఒకటి కంప్యూటర్ సైన్సూ అయితే ఒకే జవాబు ఐదింటికీ పొసగదు. స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు ఉంటుంది, మొదటి రెండేళ్లలో వేరే సబ్జెక్టులు కూడా కలిపి చదివే వీలుంటుంది. కాబట్టి ‘మొదటి రోజు నుంచీ అర్థశాస్త్రం ఒక్కటే లోతుగా చదవాలి’ అని రాసిన విద్యార్థి జాబితాలో స్కాట్లాండ్ కోర్సు ఉంటే, తాను ఎంచుకున్న కోర్సు గురించి తానే తెలుసుకోలేదని అక్కడి వాళ్లకు అర్థమవుతుంది. ఇలాంటి చోట జవాబును సాగదీసి అతికించడం కన్నా జాబితాను మార్చుకోవడం మంచిది.

రెండో మెట్టు: వెబ్‌సైట్ తెరవకముందే మీ ప్రశ్న రాసుకోండి

చాలామంది విశ్వవిద్యాలయం పేజీ తెరిచి, అందులో బాగున్న మాడ్యూళ్లను ఏరుకుని, వాటికి తగిన ఆసక్తిని తరువాత కల్పించుకుంటారు. చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే అలా పుట్టిన ఆసక్తి మాడ్యూల్ వివరణలోని మాటలనే తిప్పి చెబుతుంది. అందుకే మీకు నిజంగా అంతుపట్టని విషయాన్ని ముందు నాలుగైదు వాక్యాల్లో, మీ మాటల్లో రాసుకోండి. ఇది తెలుగులో రాసుకుంటేనే మేలని నా అనుభవం. ఇంగ్లీషులో మొదలుపెడితే ఎక్కడో చదివిన వాక్యాలు ముందుకొచ్చి మన ఆలోచనను పక్కకు నెట్టేస్తాయి.

మన విద్యార్థిని రాసుకున్నది ఇలా ఉందనుకుందాం: ‘కొత్త పంట యార్డుకు పోటెత్తే నెలల్లో ధర తగ్గుతుందని మా నాన్నకు తెలుసు. శీతల గిడ్డంగిలో దాచుకునే వీలూ ఉంది. అయినా సగం టిక్కీలు ఆ నెలల్లోనే అమ్మేస్తాడు. విత్తనాలకూ పురుగుమందులకూ అప్పిచ్చిన కమీషన్ ఏజెంటు దగ్గరకే సరుకు తీసుకెళ్లాలి కాబట్టి అని అమ్మ అంటుంది. మరి అప్పు లేని మా బాబాయి కూడా అప్పుడే ఎందుకు అమ్మాడు? పైగా తాలు కాయలు ఏరి శుభ్రంగా తెచ్చిన సరుకుకూ, ఏరకుండా తెచ్చిన సరుకుకూ ధరలో తేడా అంత తక్కువ ఎందుకు?’

ఇందులో అర్థశాస్త్రం పరిభాష ఒక్క ముక్క లేదు. అయినా మూడు వేర్వేరు విషయాలు దాగి ఉన్నాయి. అప్పూ అమ్మకమూ ఒకే మనిషి చేతిలో ముడిపడితే ఏమవుతుందన్నది ఒకటి. అప్పు వల్లనే అమ్మాడా, మరో కారణమా అని విడదీసి తేల్చడమెలా అన్నది రెండోది. సరుకు నాణ్యత అమ్మేవాడికి తెలిసినంతగా కొనేవాడికి తెలియనప్పుడు ధర ఎలా కుదురుతుందన్నది మూడోది. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాతకార్ల సంతను ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసం సరిగ్గా ఈ మూడో విషయం మీదే. ఆ వ్యాసం పేరు తెలియకముందే ఆ ప్రశ్న తనకు తగిలిందన్నదే ఈ అమ్మాయి బలం. మీ ఇంట్లో మిర్చి లేకపోవచ్చు. కిరాణా కొట్టులో అరువు ఖాతా, ఆటో నడిపే వాళ్ల రోజువారీ ఫైనాన్సు, అపార్ట్‌మెంటులో నీళ్ల ట్యాంకర్ ధర, ఏదైనా సరే. నిజంగా చూసినదై ఉండాలి, దానికి మీ దగ్గర ఇంకా జవాబు లేకుండా ఉండాలి.

మూడో మెట్టు: మాడ్యూళ్లను పక్కపక్కన పెట్టి చదవడం

బ్రిటన్ డిగ్రీలో పూర్తికాలం విద్యార్థి ఏడాదికి మామూలుగా 120 క్రెడిట్లు చదువుతాడు, ఇంగ్లాండ్‌లో మూడేళ్ల ఆనర్స్ డిగ్రీకి 360. వాటిలో కొన్ని అందరూ చదవాల్సిన తప్పనిసరి మాడ్యూళ్లు, కొన్ని ఎంచుకునేవి. కోర్సు పేజీలో అందంగా కనిపించేవి ఎక్కువగా ఎంచుకునేవే. అవి ఏటా మారవచ్చని అదే పేజీలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అందుకని ముందు తప్పనిసరి మాడ్యూళ్లను చదవండి. అర్థశాస్త్రంలో అవి చాలా చోట్ల దగ్గరదగ్గరగా ఉంటాయి: మొదటి ఏడు సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలూ, గణితమూ, గణాంకశాస్త్రమూ, రెండో ఏడు వాటి పై స్థాయీ, ఆర్థిక విషయాలను గణాంకాలతో కొలిచి తేల్చే ఎకనోమెట్రిక్సూ. అభివృద్ధి అర్థశాస్త్రం, ప్రవర్తనా అర్థశాస్త్రం వంటివి సాధారణంగా ఆ తరువాత ఎంచుకునేవాటిలో వస్తాయి.

ఒక పెద్ద కాగితం మీద ఐదు నిలువు గడులు గీసి, ఒక్కో కోర్సుకు నాలుగు సంగతులు రాయండి. మీ ప్రశ్నకు దగ్గరైన మాడ్యూల్ ఏ ఏడాదిలో వస్తుంది, అది తప్పనిసరా ఐచ్ఛికమా, దానికి ముందు ఏ మాడ్యూల్ పూర్తి చేసి ఉండాలి, దాన్ని పరీక్షతో అంచనా వేస్తారా లేక వ్యాసంతోనా, ప్రాజెక్టుతోనా. మూడో సంగతిని చాలామంది వదిలేస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. అభివృద్ధి అర్థశాస్త్రానికి ముందు ఎకనోమెట్రిక్స్ చదివి ఉండాలని ఒక కోర్సు నిబంధన పెట్టిందంటే, అక్కడ ఆ మాడ్యూల్‌ను గణాంకాలతో, కొలతలతో బోధిస్తారని అర్థం. అలాంటి నిబంధన ఏదీ లేకుండా, చరిత్రా రాజకీయాలూ ఎక్కువగా ఉన్న పాఠ్యజాబితా కనిపిస్తే, మాడ్యూల్ పేరు ఒకటే అయినా చదువు వేరు.

మన విద్యార్థిని కాగితం మీద తేలింది ఇది. ఐదు కోర్సుల్లోనూ ఎకనోమెట్రిక్స్ తప్పనిసరి. అభివృద్ధి అర్థశాస్త్రం ఐదింటిలోనూ ఉంది, కానీ ఒకచోట రెండో ఏడాదిలోనే వస్తుంది, మిగిలిన చోట్ల మూడో ఏడాదిలో. మూడు కోర్సుల్లో చివరి ఏడాది పరిశోధన వ్యాసం తప్పనిసరి, రెండింటిలో ఐచ్ఛికం. ఆమె మూడో ప్రశ్నకు సంబంధించిన సమాచార లోపం గురించి విడిగా మాడ్యూల్ ఉన్నది ఒకే చోట, మిగతా నాలుగింట్లో అది రెండో ఏడాది సూక్ష్మ అర్థశాస్త్రంలోనే ఒక భాగం. దీన్నిబట్టి జవాబులో ఏం రాయాలో సగం తేలిపోయింది. ఎకనోమెట్రిక్స్, అభివృద్ధి అర్థశాస్త్రం, స్వతంత్ర పరిశోధన అన్న మూడూ ఐదు కోర్సులకూ సరిపోతాయి కాబట్టి ధైర్యంగా రాయవచ్చు. ఒక్కచోటే ఉన్న మాడ్యూల్‌ను జవాబులో పెట్టకుండా పట్టికలోనే ఉంచాలి. అది తరువాత వేరే చోట పనికొస్తుంది.

పట్టిక నింపుతున్నప్పుడు ఒక కోర్సు మీకు పొసగదని తేలితే దాన్ని అక్కడే వదులుకోండి. ఇంకో విద్యార్థి విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. అతని జాబితాలోని ఒక కోర్సులో అతనికి ఇష్టమైన గణిత మాడ్యూళ్లేవీ ఎంచుకునే వీలు లేదని పట్టికలో స్పష్టంగా కనిపిస్తున్నా, ర్యాంకింగ్ బాగుందని ఉంచేయమన్నాను. ఆ ఒక్క కోర్సుకు అడ్డు రాకుండా ఉండాలని అతను జవాబులో గణితం గురించి రాసిన భాగాన్ని పలుచన చేశాడు. చివరకు ఏ కోర్సుకూ గట్టిగా తగలని జవాబు తయారైంది.

నాలుగో మెట్టు: అధ్యాపకుల బలాన్ని సరిగ్గా తూచడం

విభాగం బలమంటే పేరున్న ప్రొఫెసర్ల సంఖ్య అనుకుంటే పొరపాటు. ఆ బలం మూడేళ్ల డిగ్రీ విద్యార్థి దాకా ఏ దారిలో చేరుతుందన్నదే మనకు కావాల్సింది. మన విద్యార్థిని జాబితాలోని మూడు చోట్లను తీసుకుంటే ఈ తేడా కళ్లకు కడుతుంది.

ససెక్స్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో 1966లో స్థాపించిన అభివృద్ధి అధ్యయన సంస్థ ఐడీఎస్ ఉంది. అభివృద్ధి చదువులకు అది ప్రపంచమంతా తెలిసిన చోటు. అయితే అది విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న స్వతంత్ర సంస్థ, ప్రధానంగా పోస్ట్‌గ్రాడ్యుయేట్ చదువులకూ పరిశోధనకూ నెలవు. అర్థశాస్త్రం డిగ్రీ కోసం చేరే విద్యార్థి ‘ఐడీఎస్ అధ్యాపకుల వద్ద చదువుకుంటాను’ అని రాస్తే, పేరు చూసి రాశాడు తప్ప బోధన ఎవరిదో చూడలేదని తెలిసిపోతుంది.

మాంచెస్టర్‌ది మరో రకం ఉచ్చు. మిగులు శ్రామికులున్న దేశాల అభివృద్ధి గురించి 1954లో తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించినప్పుడు ఆర్థర్ లూయిస్ అక్కడి ప్రొఫెసర్. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. చరిత్రగా అది గొప్ప విషయమే, కానీ ఇప్పుడు ఆ విభాగంలో మీకు పాఠం చెప్పేది ఎవరన్నది దాన్నిబట్టి తెలియదు. గతంలోని పేరును నేటి బలంగా చూపించే వాక్యాలు జవాబుల్లో తరచూ కనిపిస్తాయి.

నాటింగ్‌హామ్‌లో నిర్ణయాల మీదా ప్రయోగాత్మక అర్థశాస్త్రం మీదా పనిచేసే సెడెక్స్ అనే పరిశోధన కేంద్రం, ఆర్థికాభివృద్ధి, అంతర్జాతీయ వాణిజ్యాల మీద పనిచేసే క్రెడిట్ అనే మరో కేంద్రం ఉన్నాయి. రెండూ అక్కడి అర్థశాస్త్ర విభాగానికి చెందినవే. అందుకని ఇక్కడ అడగవలసిన ప్రశ్న సూటిగా ఉంటుంది: ఆ కేంద్రాల సభ్యుల్లో డిగ్రీ మాడ్యూళ్లకు బాధ్యులుగా ఉన్నవాళ్లెవరు? దీనికి విభాగం వెబ్‌సైట్‌లో ఒక్కొక్క అధ్యాపకుని పేజీ తెరిచి, బోధన అన్న భాగాన్ని చూడాలి. ఆ తరువాత గత నాలుగైదేళ్లలో వాళ్లు ప్రచురించిన వ్యాసాల శీర్షికలు చదవాలి. ఒక్కరి వ్యాసమైనా సంక్షిప్త పరిచయం వరకూ చదివి, అర్థమైనంత మేర రెండు వాక్యాల్లో సొంతంగా రాసుకోండి. మొత్తం వ్యాసంలోని గణితం పన్నెండో తరగతి విద్యార్థికి అందదు, అందినట్టు నటించాల్సిన అవసరమూ లేదు.

యూకాస్ జవాబులో అధ్యాపకుల పేర్లు రాయకూడదు కదా, ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఈ శోధన వల్ల మీ ప్రశ్నను ఆ రంగంలోని వాళ్లు ఏ పద్ధతిలో పట్టుకుంటారో తెలుస్తుంది. అభివృద్ధి అర్థశాస్త్రంలో పనిచేసే వాళ్ల పేజీలు తిరగేస్తూ మన విద్యార్థిని రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన కేరళ మత్స్యకారుల అధ్యయనం దాకా చేరింది. ఉత్తర కేరళ తీరంలో మొబైల్ సేవలు ఒకేసారి కాకుండా ఒక్కో ప్రాంతంలో ఒక్కో సమయంలో వచ్చాయి. ఆ తేడాను ఆసరాగా చేసుకుని, ఫోన్ వచ్చాక వేర్వేరు రేవుల్లో చేపల ధరల మధ్య అంతరం బాగా తగ్గిందని ఆయన చూపించాడు. అప్పు లేని బాబాయి ఎందుకు అమ్మాడో ఎలా తేల్చాలన్న తన రెండో ప్రశ్నకు ఆ అమ్మాయికి ఇక్కడ దారి దొరికింది. అన్నీ ఒకేలా ఉండి, ఒక్క విషయంలో మాత్రమే తేడా ఉన్న రెండు గుంపులను వెతకాలన్నమాట. ఎకనోమెట్రిక్స్ అన్న మాట ఆమెకు సిలబస్‌లోని పేరుగా మాత్రమే కాకుండా ఒక పనిముట్టుగా అర్థమైంది అప్పుడే.

ఐదో మెట్టు: మూడు పోగులనూ ఒక్క జవాబుగా అల్లడం

ఇప్పుడు మీ చేతిలో మీ ప్రశ్న, మాడ్యూళ్ల పట్టిక, అధ్యాపకుల పని గురించిన నోట్సు ఉన్నాయి. లక్ష్యాన్ని కూడా ఒక వాక్యంలో రాసుకోండి. లక్ష్యం కోర్సుకు అందే దూరంలో ఉండాలి. ‘దేశంలో రైతుల సమస్యను పరిష్కరిస్తాను’ అన్నది మూడేళ్ల డిగ్రీకి అందదు. ‘వ్యవసాయ మార్కెట్ల ధరల సమాచారాన్ని విశ్లేషించే పనిలో చేరాలి, అందుకు తగిన పై చదువు చదవాలి’ అన్నది అందుతుంది, ఏ మాడ్యూల్ దానికి ఎలా పనికొస్తుందో చెప్పడానికీ వీలవుతుంది.

ఆ అమ్మాయి మొదటి ముసాయిదాలోని ప్రధాన భాగానికి తెలుగు ఇది:

‘వ్యవసాయ కుటుంబంలో పుట్టడం వల్ల రైతుల కష్టాలను దగ్గరగా చూశాను. అందుకే నాకు అర్థశాస్త్రం మీద ఆసక్తి కలిగింది. మీ కోర్సులోని అభివృద్ధి అర్థశాస్త్రం, ప్రవర్తనా అర్థశాస్త్రం, ఎకనోమెట్రిక్స్ మాడ్యూళ్లు నన్ను ఎంతో ఆకర్షించాయి. ప్రఖ్యాత అధ్యాపకుల మార్గదర్శకత్వంలో నా విశ్లేషణ నైపుణ్యాలను పెంచుకుని, భవిష్యత్తులో విధాన నిర్ణేతగా సమాజానికి సేవ చేయాలనుకుంటున్నాను.’

ఇందులో అబద్ధమేమీ లేదు, అయినా ఒక్క వాక్యం కూడా నిలబడదు. రైతుల కష్టాలు చూడటానికీ అర్థశాస్త్రం చదవాలనుకోవడానికీ మధ్య ‘అందుకే’ అన్న మాట తప్ప ఏ వంతెనా లేదు. వ్యవసాయశాస్త్రమో న్యాయశాస్త్రమో చదవాలనుకునేవాళ్లు కూడా అదే వాక్యం రాయవచ్చు. మాడ్యూళ్ల పేర్లు మూడున్నాయి గానీ అవి ఏ ప్రశ్నకు కావాలో చెప్పలేదు. ‘మీ కోర్సు’ అన్న మాట ఐదుగురికి వెళుతోంది. అధ్యాపకుల గురించిన మాట ఎవరి గురించైనా చెప్పగలిగినదే.

రెండు వారాల తరువాత అదే భాగం ఇలా వచ్చింది:

‘గుంటూరు యార్డులో కొత్త మిర్చి పోటెత్తే నెలల్లో ధర పడిపోతుందని తెలిసినా మా నాన్న అప్పుడే అమ్ముతాడు, ఎందుకంటే ఆయనకు పెట్టుబడి అప్పు ఇచ్చిన కమీషన్ ఏజెంటే సరుకు అమ్మిపెట్టేవాడు కూడా. కానీ అప్పు లేని మా బాబాయి కూడా అప్పుడే అమ్మాడు. అప్పు అసలు కారణమా, లేక నాకు కనిపించని ఇంకేదైనా ఉందా అని తేల్చలేకపోయాను. కేరళలో మొబైల్ సేవలు ఒక్కో ప్రాంతానికి ఒక్కో సమయంలో రావడాన్ని ఉపయోగించుకుని జెన్సెన్ ధరల మీద సమాచారం ప్రభావాన్ని విడదీసిన తీరు చదివాక, నాకు లేనిది అభిప్రాయం కాదు, పద్ధతి అని తెలిసింది. అందుకే ఎకనోమెట్రిక్స్‌ను పునాదిగా పెట్టి, దాని మీద అభివృద్ధి అర్థశాస్త్రాన్ని నిర్మించే కోర్సులను వెతికాను. రుణమూ అమ్మకమూ ముడిపడిన సంతల గురించి నేర్చుకుని, చివరి ఏడాది స్వతంత్ర పరిశోధనలో శీతల గిడ్డంగి సదుపాయం రైతు అమ్మే సమయాన్ని మారుస్తుందా అన్న ప్రశ్నను పరిశీలించాలని ఉంది. తరువాత వ్యవసాయ మార్కెట్ల సమాచారాన్ని విశ్లేషించే పనిలో చేరాలన్నది నా ఉద్దేశం.’

ఏం మారిందో గమనించండి. విశ్వవిద్యాలయం పేరు లేదు, అక్కడి అధ్యాపకుల పేరూ లేదు. అయినా ‘ఎకనోమెట్రిక్స్‌ను పునాదిగా పెట్టి’ అన్న వాక్యం పట్టిక గీసిన మనిషి మాత్రమే రాయగలిగినది, అది ఐదు కోర్సులకూ నిజం. అధ్యాపకుల బలం ఇక్కడ పొగడ్తగా కాకుండా, ఆ రంగంలోని ఒక పని నుంచి ఈ విద్యార్థిని నేర్చుకున్న పద్ధతిగా కనిపిస్తోంది. ‘తేల్చలేకపోయాను’ అన్న ఒప్పుకోలును తీసేయమని ఇంట్లో వాళ్లు అన్నారు, బలహీనతలా కనిపిస్తుందని వాళ్ల భయం. నేను గట్టిగా ఉంచమన్నాను. తెలియనిదేదో స్పష్టంగా తెలిసినవాళ్లకే కోర్సు అవసరమవుతుంది కనుక, జవాబంతా నిలబడింది ఆ మాట మీదే.

ఇలాంటి జవాబుకు వేరొకరి నమూనాను ముందు పెట్టుకోవడం ప్రమాదకరం. మా ఊరి పిల్లవాడొకడు ఒక కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనాలో పేర్లు మార్చి తెచ్చాడు. అదే వారం మరో జిల్లా నుంచి నాకు వచ్చిన ముసాయిదాలో అవే వాక్యాలు ఉన్నాయి. యూకాస్ ప్రతి స్టేట్‌మెంటునూ పాత, కొత్త స్టేట్‌మెంట్లతో పోల్చి చూస్తుంది. పోలికలు ఎక్కువగా తేలితే ఆ సంగతి మీరు ఎంచుకున్న విశ్వవిద్యాలయాలకు తెలియజేస్తుంది.

ఆరో మెట్టు: కొలతా, కోతా

మొదటి జవాబుకు 1400 నుంచి 1700 అక్షరాల దాకా కేటాయించడం సమంజసమని నా అభిప్రాయం. ఇంగ్లీషులో అది సుమారు 230 నుంచి 280 పదాలు. మిగిలినది రెండో, మూడో జవాబులకు కావాలి. మూడు జవాబులనూ కలిపే చదువుతారు కాబట్టి ఒకచోట చెప్పినది మరోచోట చెప్పనవసరం లేదు. ఈ అమ్మాయి పదకొండో తరగతిలో చదివిన ‘అర్థశాస్త్రానికి గణాంకాలు’ పాఠాలు రెండో జవాబులోకి వెళ్లాయి. ఒక సీజన్ పొడుగునా యార్డు ధరలను నోటుబుక్కులో రాసిపెట్టిన పని మూడో జవాబులోకి వెళ్లింది.

కోయాల్సి వచ్చినప్పుడు ముందు విశేషణాలను తీసేయండి, తరువాత కోర్సును పొగిడే వాక్యాలను, ఆ తరువాత రెండో ఉదాహరణను. ప్రశ్న నుంచి మాడ్యూల్‌కూ, మాడ్యూల్ నుంచి లక్ష్యానికీ దారి చూపే వాక్యాలను మాత్రం చివరిదాకా ముట్టుకోవద్దు. కోత అయ్యాక ఒక పరీక్ష చేయండి. ఐదు కోర్సుల పేజీలనూ ఒక్కొక్కటిగా తెరిచి, మీ జవాబును పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదవండి. ఏ కోర్సు దగ్గరైనా ఒక వాక్యం అబద్ధమైతే దాన్ని మార్చండి. తరువాత సబ్జెక్టు పేరు తీసేసి, దాని స్థానంలో మరో సబ్జెక్టు పెట్టి చదవండి. అప్పుడు కూడా అతికినట్టుండే వాక్యం ఏదైనా ఉంటే దాన్ని కొట్టేయండి. దరఖాస్తు పంపాక స్టేట్‌మెంట్‌ను మార్చుకునే వీలుండదు కాబట్టి ఈ రెండు చదువులూ పంపడానికి కనీసం వారం ముందు జరగాలి.

ఏడో మెట్టు: ఒక్క విశ్వవిద్యాలయానికే చెప్పాల్సి వచ్చినప్పుడు

పట్టికలో పక్కన పెట్టిన సంగతులు రెండు చోట్ల బయటకు వస్తాయి. మొదటిది అమెరికా దరఖాస్తులు. అక్కడ ఉమ్మడి వ్యాసంతో పాటు చాలా విశ్వవిద్యాలయాలు తమకు మాత్రమే వచ్చే ప్రత్యేక వ్యాసాన్ని అడుగుతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం తన పరిధిలోని ఫలానా కళాశాలే ఎందుకు, అక్కడి పాఠ్యక్రమం మీ ఆసక్తికి ఎలా తోడ్పడుతుందని 550 పదాల దాకా రాయమని అడుగుతూ వస్తోంది. ఇలాంటి చోట పేర్లు రాయకపోవడమే తప్పు. ఆ చోటులో మాత్రమే ఉన్న మాడ్యూల్, దాన్ని బోధించే వ్యక్తి పని, అది మీ ప్రశ్నలో ఏ ముక్కకు జవాబిస్తుంది అన్నవి విడమరచి చెప్పాలి. అయితే అమెరికాలో మేజర్ అనే ప్రధాన సబ్జెక్టును చాలాచోట్ల చేరిన తరువాతే ప్రకటిస్తారు కాబట్టి, బ్రిటన్‌కు రాసినట్టు ఒక్క సబ్జెక్టు లోతు మీదే వ్యాసమంతా నడిపితే అక్కడి చదువు తీరు తెలియనట్టు ఉంటుంది. మన విద్యార్థిని అక్కడికి రాస్తే అర్థశాస్త్రంతో పాటు గణాంకశాస్త్రమో వాతావరణశాస్త్రమో కలిపి చదివే వీలును తన ప్రశ్నకు ముడిపెట్టాలి.

రెండోది బ్రిటన్‌కే సంబంధించినది, మన పిల్లలకు బాగా ఎదురయ్యేది. వీసాకు అవసరమైన సీఏఎస్ అనే ప్రవేశ ధ్రువీకరణ పత్రం ఇచ్చే ముందు చాలా బ్రిటన్ విశ్వవిద్యాలయాలు భారత విద్యార్థులను వీడియోలో ఇంటర్వ్యూ చేస్తున్నాయి. ఏ మాడ్యూళ్లు చదవబోతున్నారు, ఇంకే విశ్వవిద్యాలయాలను చూశారు, వాటిని కాదని దీన్నే ఎందుకు ఎంచుకున్నారు, ఇదే చదువు భారతదేశంలో ఎందుకు చదవలేదు అన్నవి అక్కడ మామూలుగా వచ్చే ప్రశ్నలు. స్టేట్‌మెంట్‌లో దాచిన పేర్లన్నీ ఇక్కడ చెప్పాలి. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే చిక్కుకుంటుంది, ఎందుకంటే మాడ్యూళ్ల పేర్లు అప్పజెప్పగానే ‘దానిలో ఏం నేర్చుకుంటారు?’ అని అడుగుతారు.

పట్టిక గీసుకున్న విద్యార్థికి ఇది కష్టం కాదు. ఆ అమ్మాయితో నేను సాధన చేయించినప్పుడు, మరో కోర్సును ఎందుకు వదిలేశావని అడిగాను. ‘అది కూడా మంచి కోర్సే సార్, కానీ అక్కడ అభివృద్ధి అర్థశాస్త్రానికి ముందు ఎకనోమెట్రిక్స్ చదివి ఉండాలన్న నిబంధన లేదు, పరిశోధన వ్యాసం తప్పనిసరి కాదు. నాకు కావాల్సినవి ఆ రెండే’ అంది. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు రోజు ఐదు గడుల కాగితాన్ని మళ్లీ తీసి, కోర్సు పేజీలను ఇంకోసారి తెరిచి చూడమన్నాను. అప్పటికి దరఖాస్తు పంపి ఆరు నెలలైంది, ఐచ్ఛిక మాడ్యూళ్లలో ఒకటి ఆ ఏడాది జాబితా నుంచి తీసేశారు. ఆమె దాన్ని కొట్టేసి, దాని స్థానంలో వచ్చిన మాడ్యూల్ పేరూ, దానికి ముందు చదవాల్సినదేమిటో రాసుకుంది.